పదిహేను వేలకు ఎన్ని ప్లేట్లు లేవాలి?

సోషల్ మీడియా ఏజెన్సీ ప్రతిపాదన: విజయవాడ పటమటలో 40 సీట్ల భోజన హోటల్‌కు నెలకు 8 రీల్స్, 8 ఫొటో పోస్టులు, రెండు పూటల షూటింగ్, గూగుల్ రివ్యూలకు 24 గంటల్లో జవాబు. ధర ₹15,000, జీఎస్టీ అదనం. ప్రకటనల ఖర్చు వేరు.

యజమాని: పక్క బిర్యానీ సెంటర్ రీల్‌ని రెండు లక్షల మంది చూశారట. వాళ్లంతా పటమట వాళ్లేనా? హైదరాబాదులో కూర్చుని చూసినవాడు నా దగ్గరికి భోజనానికొస్తాడా?

ఏజెన్సీ అబ్బాయి: రాడండీ. అందుకే వ్యూస్ ఇన్ని తెస్తామని కాగితంలో రాయలేదు. గూగుల్ ప్రొఫైల్‌లో ఎంతమంది ఫోన్ నొక్కారో, ఎంతమంది దారి అడిగారో నెలాఖరుకు చూపిస్తాం. పోయిన మూడు నెలల అంకెలు ఇవాళే రాసిపెట్టుకుందాం.

యజమాని: దారి గ్యాస్ బండి కుర్రాడు కూడా అడుగుతాడయ్యా!

అబ్బాయి: అదీ నిజమే. అయితే గురువారం ఉలవచారు భోజనం పెట్టండి. బోర్డు మీద రాయొద్దు, రీల్‌లోనే చెబుదాం. బిల్లింగ్‌లో దానికి వేరే కోడ్ ఇస్తే ఎన్ని పోయాయో మీ మిషనే చెబుతుంది.

యజమాని: సరే, నా లెక్క విను. నీ పదిహేను వేల మీద జీఎస్టీ 2,700. భోజనాల మీద నేను 5 శాతం జీఎస్టీ కట్టేవాణ్ణి, కాబట్టి నీకిచ్చే జీఎస్టీ నాకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి రాదు. అంటే 17,700 నా జేబులోంచే. భోజనం 150, సరుకూ గ్యాసూ పోను 60 మిగులుతుంది. నెలకు 295 భోజనాలు, అంటే రోజుకు పది, అదనంగా లేస్తే నీ డబ్బు నీకొస్తుంది. నాకు మిగిలేది సున్నా.

అబ్బాయి: మొదటి నెలే రోజుకు పది లేవవండీ. మూడు నెలలు చూడాలి.

యజమాని: మూడు నెలలంటే 53,100. నువ్వు చూస్తావు, నేను కడతాను.

అబ్బాయి: పోనీ నాలుగు రీల్స్‌తో మొదలుపెడదాం. ఒక్క పూట షూటింగ్ సరిపోతుంది కాబట్టి 9,000కి చేస్తాం. జీఎస్టీతో 10,620, అంటే 177 భోజనాలు. రోజుకు ఆరు.

యజమాని: ఆరైతే ఆలోచిస్తా. మాంచి సినిమా పాట మాత్రం వెయ్యాలి.

అబ్బాయి: బిజినెస్ ఖాతాకు ఆ పాటలు చాలావరకు దొరకవు. ఎలాగో పెట్టినా, తర్వాత ఆ రీల్‌నే డబ్బులిచ్చి ప్రకటనగా నడపబోతే పాట హక్కుల దగ్గర ఆగిపోతుంది. పోపు చిటపటలాడే చప్పుడు వేద్దామండీ, దానికి హక్కుల గొడవ లేదు.

యజమాని: పోయినసారి ఒకాయన తన ఈమెయిల్‌తో పేజీ తెరిచాడు. మానేశాక పేజీ కూడా ఆయనతోనే పోయింది.

అబ్బాయి: ఈసారి మీ ఈమెయిల్‌తోనే తెరుద్దాం. గూగుల్‌లో ప్రైమరీ ఓనర్ మీరు, మాకు మేనేజర్ హోదా చాలు. ప్రకటనల డబ్బు మీ కార్డు నుంచే నేరుగా వెళ్తుంది. మా వైపు నుంచి ఒకటే షరతు. రీల్ వాట్సాప్‌లో పంపాక 48 గంటల్లో అవునో కాదో చెప్పాలి. మీరు నాన్చితే గురువారం రీల్ శనివారం పడుతుంది.

యజమాని: పదకొండు నుంచి మూడు దాకా నేను ఫోన్ ముట్టుకోను. అది కూడా కాగితంలో రాసి తీసుకురా, అప్పుడు చూద్దాం.