కీలక పాత్రకు 18 మాటలు

మన రొయ్యల శాస్త్రంలో ఒక ఆచారం ఉంది. గుంటలో ఏం జరిగినా సరే, సదస్సుకి పంపే సారాంశం, అదే అబ్‌స్ట్రాక్ట్, మాత్రం "ఆక్వా రంగం దేశ ఆర్థిక వ్యవస్థలో కీలక పాత్ర పోషిస్తోంది" అనే మొదలవ్వాలి. వెంటనే "సుదీర్ఘ తీరరేఖ గల భారతదేశం ప్రముఖ స్థానం ఆక్రమించింది" రావాలి. నెల్లూరులో కూర్చుని, మనకి సముద్రం ఉందని రుజువు చేశాకే రొయ్య దగ్గరికి పోవాలి. ఇంగ్లీషులో ఈ రెండు వాక్యాలకీ కలిపి 18 మాటలు. ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి.

ఒక లెక్క చూద్దాం, అంకెలు మనం అనుకున్నవే. కోవూరు వైపు 24 వనామీ రొయ్యల గుంటలు. పన్నెండింటికి మేతలో ప్రోబయోటిక్ అనే మేలుచేసే సూక్ష్మజీవుల మందు కలిపారు, పన్నెండింటికి కలపలేదు. దీని మీద 36 స్లైడ్లు. మొదటి ఎనిమిదీ తీరరేఖే. తర్వాత ఏరేటర్ ఫొటోలు, వల పట్టుకున్న సార్ ఫొటో. ఫలితం 26వ స్లైడ్‌లో వస్తుంది: మందు వేసిన గుంటల్లో బతుకుడు 84 శాతం, వేయనివాటిలో 76. అక్కడి బార్ చార్టు సున్నా నుంచి కాక 70 నుంచి మొదలవుతుంది కాబట్టి ఒక కడ్డీ రెండోదానికి రెట్టింపు పైనే కనబడుతుంది. 27వ స్లైడ్ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంటుంది: తెల్లమచ్చ రోగం తగిలి 60 రోజుల్లోపే మొత్తం పోయిన గుంటలు, వేసినవాటిలో 3, వేయనివాటిలో 1, సగటులో కలపలేదు.

దీన్ని 250 మాటల్లోకి దించాలి. శీర్షికలు సదస్సు వాళ్లే ఇస్తారు. 1987లో వైద్య పత్రికల వాళ్లు ప్రతిపాదించిన పద్ధతి ఇది, ఎవరూ ఏదీ దాచకూడదని! నేపథ్యానికి 30, లక్ష్యానికి 20, పద్ధతికి 70, ఫలితాలకి 100, ముగింపుకి 30 మాటలు పెట్టుకుంటే సరిపోతుంది. రాయడం మొదటి స్లైడ్ నుంచి కాదు, 26, 27 నుంచి మొదలుపెట్టాలి. చార్టుని కాదు, దాని వెనకున్న పట్టికని చూసి అంకె దించుకోవాలి. స్లైడ్ మీద బాణం గుర్తు ఉన్నచోట సార్ నోటితో ఏం చెప్పారో దాన్ని వాక్యం చేయాలి. బాణానికి క్రియాపదం ఉండదు కదా. ఎన్ని గుంటలతో మొదలై ఎన్నింటితో ముగిసిందో చెప్పకుండా శాతం రాయకూడదు. ఇంతే, బ్రహ్మవిద్య ఏమీ కాదు.

కానీ గడువు రోజు రాత్రి జరిగేది వేరు. పోర్టల్ ఎర్రటి అక్షరాలతో 268 అని చూపిస్తుంది. తియ్యాల్సింది సరిగ్గా 18.

"సార్, ఆ కీలక పాత్ర, తీరరేఖ రెండూ తీసేస్తే సరిగ్గా సరిపోతాది సార్."

"ఏంది నాయనా నువ్వు! మొహం తీసేసి మొండెం పంపిస్తామా?"

"పోనీ సార్, 'సమగ్రంగా, సవివరంగా' అని రెండున్నాయి..."

"అవి ఉంటేనే బరువు. ఈ తెల్లమచ్చ వాక్యం ఎంతుంది?"

"16 సార్."

"అది పీకెయ్."

"ఇంకా రెండు ఎక్కువ సార్."

ఇక్కడ సార్ మేధ చూడాలి. కౌంటర్‌కి తెలిసేది ఖాళీలే. `n = 24` అంటే మూడు మాటలు, `n=24` అంటే ఒకటి. రెండు మాటలు మిగిలాయి! ఎర్ర అక్షరాలు పచ్చబడతాయి, సార్ టీ తెప్పిస్తారు.

ఆ పీకేసిన వాక్యంలో ఏముంది? మూడు గుంటలు పోయినవి ఒక వైపు, ఒకటి పోయింది ఒక వైపు. పోయినవాటిని సున్నాగా వేసి పన్నెండింటికీ సగటు కట్టండి. మందు వేసినవి: 84 చొప్పున తొమ్మిది, మూడు సున్నాలు, అంటే 63 శాతం. వేయనివి: 76 చొప్పున పదకొండు, ఒక సున్నా, అంటే దాదాపు 70. ఫలితం తలకిందులైంది! ప్రోబయోటిక్ వల్లే తెల్లమచ్చ వచ్చిందని దీనర్థం కాదు. అది వైరస్, సీడ్‌గా వేసే రొయ్య పిల్లల్లోనో నీళ్లలోనో పీతల మీదో వస్తుంది, పన్నెండులో మూడూ ఒకటీ తేడాతో ఏదీ తేలదు. కానీ మందు మేలని చెప్పే హక్కు కూడా పోయింది. 84 ఉంచి ఆ మూడు గుంటల్ని తీసేయడాన్ని కుదించడం అంటారా? అది అబద్ధం. ఆ గుంటల గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నవాడికి లీజు ఎవరూ మాఫీ చేయలేదు, సీడ్ డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వాడి నష్టం 16 మాటలు. అదీ బరువైపోయిందా మీకు?

36 స్లైడ్లూ సార్ పెన్‌డ్రైవ్‌లో నిద్రపోతాయి. బయటికొచ్చేది అబ్‌స్ట్రాక్ట్ ఒక్కటే. దాన్ని లామినేషన్ చేయించి మందుల కొట్లో కౌంటర్ వెనక తగిలిస్తారు, 84 కింద స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసి. అప్పు పుస్తకం తెరిచే ముందు ఓనరు వేలు సరిగ్గా అక్కడే పెడతాడు.

"చూడన్నా, సైంటిస్టులే రాసినారు. ఎన్ని బకెట్లు ఎయ్యమంటావు?"