దొంగగారి ప్రసంగమే బాగుంది

ఆన్‌లైన్ మోసాల మీద పెద్దవాళ్లకు అవగాహన కల్పిస్తామని బ్యాంకు వారు పిలిస్తే వెళ్లొచ్చాను. ఆఫీసరుగారు చదివిన ప్రసంగపాఠం ప్రతి అడిగి తెచ్చుకుని, ఇంటికొచ్చి భక్తిశ్రద్ధలతో మళ్లీ చదివాను. మొత్తం పన్నెండు పేజీలు. మోసం గురించి ఉన్నది ఒకటే వాక్యం: "ఓటీపీ ఎవరికీ చెప్పకండి." మిగతాదంతా డిజిటల్ విప్లవం, యాజమాన్యం దూరదృష్టి, వందన సమర్పణ.

సభలో నా పక్కనే కూర్చున్న రిటైర్డ్ మాస్టారు మధ్యలో లేచారు. "నేను ఎవరికీ చెప్పలేదండీ. అయినా నలభై ఎనిమిది వేలు పోయాయి." ఆఫీసరుగారు కాగితాలు అటూ ఇటూ తిప్పారు. ఆ సంగతి పాఠంలో లేదు. "ప్రశ్నలు చివర్లో" అన్నారు. చివర్లో టీ ఇచ్చారు.

మాస్టారు అబద్ధమాడలేదు. ఆయన ఓటీపీ చెప్పలేదు, చూపించారు. కేవైసీ గడువు ఈ రాత్రితో అయిపోతోందని, ఖాతా ఆగిపోతుందని ఫోనొచ్చింది. కంగారు పడకండి మాస్టారూ, లైన్లోనే ఉండండి, నేను చేయిస్తాను అన్నాడట. బ్యాంకులో అంత ఓపిగ్గా మాట్లాడిన మనిషిని మాస్టారు ముప్పై ఏళ్లలో చూడలేదు. అక్కడే అనుమానం రావాల్సింది.

వాడు ఓ యాప్ వేసుకోమన్నాడు. అది దొంగ యాప్ కూడా కాదు, దూరం నుంచి కంప్యూటర్లు బాగుచేసేవాళ్లు నిజంగానే వాడే స్క్రీన్ షేరింగ్ యాప్. అందులో కనిపించిన అంకెలు చదవమన్నాడు, చదివారు. మీ తెర మీద కనిపించేదంతా అవతలివాళ్లకు కనిపిస్తుందని ఫోన్ పాపం ఒకసారి హెచ్చరించింది. "సరే నొక్కండి" అన్నాడు, నొక్కారు. తర్వాత నామమాత్రపు ఫీజు కట్టమని ఓ పేజీ పంపాడు. మాస్టారు అందులో కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు కొట్టారు. వాడు చూసి రాసుకుని, అవే వివరాలతో ఇంకెక్కడో నలభై ఎనిమిది వేలకు బిల్లు పెట్టాడు. ఓటీపీ వచ్చి తెర పైభాగాన మెరిసింది. వాడు అడగలేదు, చదువుకున్నాడు. స్క్రీన్ షేరింగ్ నడుస్తుంటే చాలా బ్యాంకు యాప్‌లు నల్ల తెర చూపిస్తాయి కానీ, మెసేజ్‌కి అలాంటి పరదా అన్ని ఫోన్లలోనూ ఉండదు.

ఆ మెసేజ్‌ని మాస్టారు నాకు చూపించారు. ఎన్ని వేలు, ఏ వ్యాపారికి అన్నది ఓటీపీకి ముందే రాసి ఉంది. ఏళ్లుగా ఆరంకెలే చూడటం అలవాటైపోయి, వాటి ముందున్న వాక్యాన్ని ఆయన ఎన్నడూ చదవలేదు. పిల్లల వ్యాసాల్లో కామా లేదని మార్కులు కోసిన మనిషి.

కాబట్టి బ్యాంకు వారికి సవినయంగా మనవి చేసేదేమిటంటే, వచ్చే సభలో మీ పాఠం పక్కన పెట్టి దొంగగారి పాఠం చదివించండి. అందులో వందన సమర్పణ లేదు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో ఒకసారి విన్నవాళ్లు రెండోసారి గుర్తుపడతారు. ఇవాళే గడువంటాడు, లైన్ కట్ చేయొద్దంటాడు, యాప్ వేసుకోమంటాడు. మూడోది వినేదాకా ఆగక్కర్లేదు.

రెండో మనవి. ఫోన్ కట్ చేయడం నేర్పించండి. నవ్వకండి, ఇదే కష్టం. అవతలివాడు మాట్లాడుతుండగా పెట్టేయడం మర్యాద కాదని బతికిన తరం ఇది. సభలో జంటలుగా కూర్చోబెట్టి ఒకరు మాట్లాడుతుంటే మరొకరు టక్కున కట్ చేసేలా సాధన చేయించాలి. మాస్టారు కట్ చేయలేకే, డబ్బు పోయిన మెసేజ్ వచ్చాక కూడా "అది తిరిగొచ్చేస్తుంది" అన్న మాట వింటూ ఇరవై నిమిషాలు లైన్లో ఉన్నారు. వెంటనే నెట్ ఆపేసి, ఇంకో ఫోన్ నుంచి కార్డు వెనక ముద్రించిన నంబరుకు చేసి కార్డు ఆపించి ఉంటే కొంతైనా దక్కేదేమో. డబ్బు ఏదో ఒక ఖాతాలో ఉన్నంతసేపే బ్యాంకు దాన్ని పట్టి ఉంచగలదు. నాలుగు ఖాతాలకు చీలి, బయటికి తీసేశాక మిగిలేది ఫిర్యాదు నంబరే.

సభ అయిన మర్నాడు అందరికీ బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. అవగాహన సభ మీద అభిప్రాయం తెలపడానికి కింది లింకు నొక్కాలట, ఇవాళే ఆఖరు తేదీ అట. ఎవరూ నొక్కలేదు. సాయంత్రం నేను మాస్టారింట్లో ఉండగా ఆఫీసరుగారే స్వయంగా ఫోన్ చేశారు.

"మాస్టారూ, బ్యాంకు నుంచండీ. ఆ లింకు కాస్త..."

మాస్టారు టక్కున పెట్టేశారు.