సవరణ: వాపు తగ్గడం ఒక్కటే కొలమానం కాదు

"వాపు తగ్గాక టేపు చుట్టుకుని ఆడొచ్చని రాశారు కదండీ. మా తమ్ముడు పదో రోజున దిగితే అదే చీలమండ మళ్లీ బెణికింది. ఎందుకని?"

నేను రాసిన ఆ వాక్యం తప్పు, క్షమించండి. చీలమండ వెలుపలి లిగమెంటు దెబ్బతిన్నప్పుడు పాదం ఎంత వంగిందో మెదడుకు తెలిపే సంకేతాలూ, దాన్ని నిలబెట్టే పక్క కండరాల స్పందనా మందగిస్తాయి. వాపు తగ్గినంత త్వరగా ఇవి కోలుకోవు. కోతలయ్యాక మన కోనసీమ చేలల్లో, కొయ్యకాళ్ల మధ్య ఎగుడుదిగుడు నేల మీద ఆడేవారికి ఈ లోపం వెంటనే బయటపడుతుంది.

మీ తమ్ముడిని గోడ పక్కన ఒంటికాలిపై, కళ్లు మూసుకుని నిలబడమనండి. మంచి కాలిపై ఇరవై సెకన్లు ఆగి, బెణికిన కాలిపై ఐదు సెకన్లకే తూలితే మైదానం ఇంకా దూరమే. కళ్లు తెరిచి నిలబడటంతో మొదలుపెట్టి, తర్వాత మూసి, ఆపై మెత్తని దిండుపై నిలబడి బంతి తన్నుతూ, రోజూ పది నిమిషాల చొప్పున కొన్ని వారాలు సాధన చేయాలి. ఒంటికాలి గెంతు దూరం రెండు కాళ్లకూ దాదాపు సమానమై, పరుగులో హఠాత్తుగా మలుపు తిరిగినా నొప్పి లేనప్పుడే పూర్తి సాధనకు, ఆ తర్వాతే మ్యాచ్‌కు వెళ్లాలి.

టేపును లోపలి వైపు నుంచి మడమ కింద తిప్పి వెలుపలికి పైకి లాగి అంటించాలి. అయితే అరగంట ఆటకే అది చెమటకు సడలుతుంది కనుక, సాధనకు అది బదులు కాదు.

మళ్లీ బెణికింది కాబట్టి ముందు ఒకటి చూడండి: నాలుగడుగులు వేయలేకపోయినా, చీలమండ ఎముక వెనుక అంచున నొక్కితే నొప్పి ఉన్నా, ఎక్స్‌రే తీయించాలి.