సూచీని ఊపేది కంపెనీ సైజు కాదు, చేతులు మారే షేర్లు

'అంత పెద్ద కంపెనీ షేరు పెరిగినా సూచీ ఎందుకు పడింది?' మార్కెట్ ముగిశాక తరచూ వినిపించే ప్రశ్న ఇది. కంపెనీ మొత్తం విలువకూ, సూచీలో దాని బరువుకూ తేడా చూడకపోవడమే ఈ అయోమయానికి మూలం. సూచీ అంటే ఎంపిక చేసిన కంపెనీల విలువను కలిపి, ఒక భాజకంతో భాగిస్తే వచ్చే అంకె. ఏ విలువను కలుపుతున్నామన్నదే ఇక్కడ కీలకం. సెన్సెక్స్ 2003లో, అమెరికా సూచీ ఎస్‌అండ్‌పీ 500 2005లో మొత్తం మార్కెట్ క్యాప్‌ను, అంటే కంపెనీ షేర్లన్నిటి విలువను వదిలి ఫ్రీ ఫ్లోట్‌కు మారాయి. అంటే ప్రమోటర్లు, ప్రభుత్వం కదలకుండా పట్టుకున్న వాటాను తీసేసి, మార్కెట్లో కొనడానికి దొరికే షేర్ల విలువనే లెక్కిస్తాయి.

మూడు కంపెనీల సూచీ ఒకటి ఊహించండి. 'క' విలువ లక్ష కోట్లు, 'చ' 60 వేల కోట్లు, 'ట' 40 వేల కోట్లు. పాత పద్ధతిలో వాటి వెయిటేజీ 50, 30, 20 శాతం. కానీ 'క'లో 75 శాతం ప్రమోటర్లదే. బయట తిరిగేది 25 వేల కోట్ల విలువైన షేర్లు మాత్రమే. 'చ'లో 48 వేల కోట్లు, 'ట'లో 27 వేల కోట్లు తిరుగుతున్నాయనుకుందాం. మొత్తం సరిగ్గా లక్ష కోట్లు కాబట్టి వెయిటేజీ 25, 48, 27 శాతం అవుతుంది.

ఒకే రోజు 'క' 4 శాతం పెరిగి, 'చ' 3 శాతం తగ్గి, 'ట' కదలకుండా ఉందనుకోండి. సూచీ 10,000 దగ్గర మొదలైతే పాత లెక్కలో 10,110కి చేరుతుంది. ఫ్రీ ఫ్లోట్ లెక్కలో 9,956కి పడిపోతుంది. అవే ధరలు, అదే రోజు, దిశే తారుమారు!

ఆర్థిక వ్యవస్థలో కంపెనీ అసలు స్థాయి కనపడాలంటే మొత్తం విలువే తీసుకోవాలని కొందరంటారు. కానీ సూచీ ఇన్వెస్టర్ కొనగలిగిన మార్కెట్‌కు కొలబద్ద. సౌదీ అరామ్‌కో 2019లో సుమారు 1.7 లక్షల కోట్ల డాలర్ల విలువతో లిస్టయినప్పుడు అమ్మింది 1.5 శాతం వాటానే. మొత్తం విలువకు తగ్గ బరువు ఇస్తే, సూచీని అనుసరించే ఫండ్లు ఆ కాసిని షేర్ల కోసమే ఎగబడి ధరను కృత్రిమంగా పెంచేసేవి.

నన్ను అసలు కలవరపెడుతున్నది వేరే సంగతి. పై ఉదాహరణలో 'క' ప్రమోటర్లు 25 శాతం వాటా అమ్మితే ఫ్రీ ఫ్లోట్ 50 వేల కోట్లవుతుంది. లక్ష కోట్లను 10,000గా చూపిన భాజకాన్ని 10 కోట్ల నుంచి 12.5 కోట్లకు మారుస్తారు కాబట్టి సూచీ అంకె కదలదు. కానీ 'క' వెయిటేజీ 25 నుంచి 40 శాతానికి ఎగబాకుతుంది, ఇండెక్స్ ఫండ్లు ఆ షేర్లను కొని తీరాల్సిందే. ఆ వాటా ప్రమోటర్ల సన్నిహితుల చేతుల్లోకే వెళ్లి, కాగితం మీద 'పబ్లిక్' కింద నమోదైతే? మార్కెట్లో కొత్తగా ఒక్క షేరూ దొరకదు. వెయిటేజీ మాత్రం పెరుగుతుంది, దాని కోసం ఫండ్లు ఉన్న కొద్ది షేర్ల మీదే పడతాయి. అందుకే షేర్‌హోల్డింగ్ పట్టికలో 'పబ్లిక్' మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ఒక శాతం దాటిన ప్రతి వాటాదారు వెనుక అసలు యజమాని ఎవరో తేల్చాకే సూచీ సంస్థలు ఆ షేర్లను ఫ్రీ ఫ్లోట్‌లో కలపాలి.