ఐదు పైసల టిక్కు, పెద్ద లాటు.. చిన్న మదుపరికి రెండు దెబ్బలు

నిఫ్టీ వారపు ఆప్షన్ల గడువు ఇప్పుడు మంగళవారం తీరుతోంది. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటాక నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా టీ కొట్టు ముందు కాసేపు నిలబడితే చాలు, ‘జీరో టు హీరో’ అన్న మాట వినబడుతుంది. సూచీ పెరిగితే లాభమిచ్చే కాల్ ఆప్షన్‌నో, తగ్గితే లాభమిచ్చే పుట్ ఆప్షన్‌నో రూపాయికి, రెండు రూపాయలకు పడిపోయాక కొని, ఆఖరి గంటలో అది పది రూపాయలైతే డబ్బు ఐదింతలో పదింతలో అవుతుందన్న ఆశ అది. పోతే పోయేది ఆరేడు వందలే కదా అనుకుంటారు. మార్కెట్ ఎటు కదులుతుందన్న వాదన మాకిక్కడ అక్కర్లేదు. అది అసలు కదలకముందే ఆ ఆరేడు వందల్లో ఎంత పోతోందో మా పాఠకులకు చెప్పాలి.

ఏ ధరైనా ఎంత కనిష్ఠ మెట్టుతో పెరగాలో, తగ్గాలో ఎక్స్ఛేంజ్ నిర్ణయిస్తుంది. అది టిక్ సైజు. ఒక్కసారికి కనీసం ఎన్ని యూనిట్లు కొనాలో, అమ్మాలో కూడా నిర్ణయిస్తుంది. అది లాట్ సైజు. నిఫ్టీ ఆప్షన్లకు టిక్కు 5 పైసలు, లాటు ప్రస్తుతం 65. అంటే ధర ఒక్క మెట్టు కదిలితే లాటుకు 3 రూపాయల 25 పైసలు వస్తాయి, లేదా పోతాయి. అంతకన్నా చిన్న కదలిక ఆ మార్కెట్లో లేదు.

ఇక రూపాయి ఆప్షన్‌ను తీసుకుందాం. ఒక కుర్రాడు 650 రూపాయలు పెట్టి పది లాట్లు కొన్నాడు. ఆ క్షణాన అమ్మేవాళ్లు అడుగుతున్న ధర రూపాయి, కొనేవాళ్లు ఇస్తామంటున్న ధర 95 పైసలు. ఈ రెండింటి మధ్య తేడా ఒక్క టిక్కే, అంతకంటే తగ్గడానికి నిబంధన ఒప్పుకోదు. కొన్న మరుక్షణం మనసు మార్చుకుని అమ్మినా 32 రూపాయల 50 పైసలు పోయినట్టే. బ్రోకరేజీ ఆర్డరుకు 20 రూపాయలైతే కొనడానికి, అమ్మడానికి కలిపి 40, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 47 రూపాయల 20 పైసలు. రెండూ కలిపితే దాదాపు 80 రూపాయలు, అంటే పెట్టిన సొమ్ములో 12 శాతం పైమాటే. లావాదేవీ పన్ను ఎస్‌టీటీ, ఎక్స్ఛేంజ్ చార్జీలు ఇందులో కలపలేదు. అతను లాభం కళ్లజూడాలంటే కొనేవాళ్ల ధర 95 పైసల నుంచి మూడు మెట్లెక్కి రూపాయి పది పైసలకు చేరాలి.

అదే కుర్రాడు జాగ్రత్త పడి ఒక్క లాటే కొన్నాడనుకోండి. పెట్టుబడి 65 రూపాయలు, బ్రోకరేజీ మాత్రం అదే 47 రూపాయల 20 పైసలు. ఇప్పుడు కొనేవాళ్ల ధర రూపాయి డెబ్బై ఐదు పైసలకు చేరాలి, అంటే పదహారు టిక్కులు పెరగాలి. కిందికి దిగేకొద్దీ సంగతి ఇంకా కఠినం. 10 పైసల ఆప్షన్ ఒక్క మెట్టు జారితే సగం విలువ పోతుంది. 5 పైసలకు వచ్చాక కింద ఇంకో ధరే లేదు. ఆ ధరకు కొనేవాడు లేకపోతే అమ్ముకునే దారి కూడా లేదు.

బాదేపల్లి యార్డుకు పల్లికాయ తెచ్చే రైతు ధర వినగానే హమాలీ, బండి కిరాయి, తరుగు తీసేసి చేతికెంత వస్తుందో లెక్క కడతాడు. యాప్ తెరమీద ఆ లెక్క ఎవరూ కట్టి చూపించడం లేదు.

లాటు విషయానికొస్తే, ఇండెక్స్ డెరివేటివ్స్‌లో ఒక్కో కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలుండాలని 2024 అక్టోబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆదేశించింది. నిఫ్టీ లాటు 25 నుంచి 75కు పెరిగింది, తర్వాత 65కు సవరించారు. తాహతుకు మించి ఆడేవాళ్లను ఆపాలన్న ఉద్దేశం మంచిదే, దాన్ని మేము తప్పుపట్టం. ఫ్యూచర్స్‌లోనూ, ఆప్షన్లు రాసి అమ్మేవారి విషయంలోనూ హామీగా కట్టే మార్జిన్ పెరుగుతుంది కాబట్టి అది అడ్డుకట్టే. ఆప్షన్ కొనేవాడి సంగతి వేరు. అతను కట్టేది ప్రీమియం, అంటే ఆప్షన్ ధర మాత్రమే. చేతిలో 5,000 ఉన్నవాడు లాటు 25 ఉన్నప్పుడు 200 రూపాయల ఆప్షన్ కొనగలిగేవాడు. లాటు 65 అయ్యాక అదే డబ్బుకు 76 రూపాయల ఆప్షన్ దగ్గరే ఆగాలి. వెయ్యి ఉన్నవాడు 40 రూపాయల దగ్గర్నుంచి 15 రూపాయలకు దిగాలి. తలుపు మూసుకోలేదు, చవక ఆప్షన్ల వైపు తెరుచుకుంది. అక్కడే టిక్కు భారం ఎక్కువ. 200 రూపాయల మీద 5 పైసలు లెక్కలోకి రాని మొత్తం, రూపాయి మీద అది 5 శాతం.

ఈ ఇబ్బంది ఎక్స్ఛేంజ్‌కు తెలియనిది కాదు. షేర్ల విషయంలో ఎన్ఎస్ఈ దీన్ని చాలావరకు సరిచేసింది. 2024 జూన్‌లో 250 రూపాయల లోపు షేర్లకు టిక్కును 5 పైసల నుంచి పైసాకు తగ్గించింది. 2025 ఏప్రిల్ నుంచి ధర పెరిగేకొద్దీ టిక్కు పెరిగే పద్ధతి తెచ్చింది. 12 రూపాయల షేరును 10,000 పెట్టి కొనేవాడికి 5 పైసల తేడా ఉంటే సుమారు 42 రూపాయలు పోయేవి. తేడా పైసాకు దిగితే 8 రూపాయలతో సరిపోతుంది. ధరను బట్టి మెట్టు మారాలన్న సూత్రం షేర్లకు వర్తించినప్పుడు, రూపాయి ఆప్షన్‌కూ 500 రూపాయల ఆప్షన్‌కూ ఒకే 5 పైసలు ఎందుకుండాలి?

టిక్కును మరీ చిన్నది చేస్తే వచ్చే చిక్కూ ఉంది. ఒక్కో ధర దగ్గర నిలబడే ఆర్డర్లు పలుచబడతాయి. ఓపిగ్గా వరుసలో ఉన్నవాడిని పైసా ఎక్కువిచ్చి వేగవంతమైన కంప్యూటర్లు దాటిపోతాయి. తెర మీద కనిపించే ఐదు ధరల్లో సరుకు తగ్గుతుంది. అలాగని పెద్ద టిక్కు చిన్న కంపెనీలకు మేలు చేస్తుందనీ చెప్పలేం. అమెరికాలో 2016 నుంచి 2018 వరకు చిన్న కంపెనీల షేర్లకు 5 సెంట్ల టిక్కు పెట్టి చూశారు. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య దూరం పెరిగి, చిన్న మదుపరుల ఖర్చే ఎక్కువైంది.

ఏది పెద్ద టిక్కో గుర్తుపట్టడం కష్టం కాదు. యాప్‌లో కొనే, అమ్మే ఆర్డర్లను చూపించే మార్కెట్ డెప్త్ తెరవండి. అటూ ఇటూ తేడా ఎప్పుడూ ఒక్క టిక్కే ఉండి, రెండు వైపులా లక్షల యూనిట్లు బారులు తీరి ఉంటే ధర ఇంకా దగ్గరకు రావాలనుకున్నా మెట్టు అడ్డుపడుతోందని అర్థం. అక్కడ దొరికిన ధరకు వెంటనే కొనే మార్కెట్ ఆర్డర్ వేస్తే ఆ తేడా మీ జేబు నుంచే పోతుంది. ఇంతకు మించి ఇవ్వనని 95 పైసలకు లిమిట్ ఆర్డర్ వేస్తే మీకన్నా ముందున్నవాళ్లంతా కొన్నాకే మీ వంతు. చాలాసార్లు ధర పడిపోయేటప్పుడే ఆ వంతు వస్తుంది.

2021-22 నుంచి 2023-24 వరకు ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. 2023-24లో ఇలాంటి ట్రేడర్లలో 72 శాతానికి పైగా మొదటి 30 పెద్ద నగరాల బయటివారు. మన జిల్లాల కుర్రాళ్లు ఆ లెక్కలోనివారే. అందుకే మా డిమాండ్లు రెండు. ఆప్షన్ కొనే బటన్ పక్కనే, ఖర్చులు పోగా అసలు చేతికి రావాలంటే ధర ఎన్ని టిక్కులు పెరగాలో బ్రోకర్లు చూపించేలా సెబీ ఆదేశించాలి. ఐదు రూపాయల లోపు ఆప్షన్లలో పైసా టిక్కును ఆరు నెలలు ప్రయోగాత్మకంగా అమలు చేసి, ధరల మధ్య తేడా, ఆర్డర్ల లోతు ఎలా మారాయో ఆ వివరాలను ఎక్స్ఛేంజ్‌లు ప్రజల ముందుంచాలి.