నువ్వులుండలు మానేసిన మా పిన్ని

"కొలనోస్కోపీ రిపోర్టులో డైవర్టిక్యులోసిస్ అని వచ్చిందంటే పేగులో ఇన్ఫెక్షన్ ఉన్నట్టే. నువ్వులు, జామ, టమాటా, వంకాయ గింజలు ఆ సంచుల్లో ఇరుక్కుని కుళ్ళి పేగు పగులుతుంది. జన్మలో గింజలున్నవి ముట్టకూడదు. రెండుసార్లు నొప్పి వస్తే ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, లేదంటే ప్రాణాపాయం. మీవాళ్ళందరికీ పంపండి."

ఈ వాట్సాప్ మెసేజీ మా పిన్ని పంపింది. ఆవిడకి 64 ఏళ్ళు. రెండేళ్ళ కిందట మలబద్ధకం కోసం, పెద్దపేగులోకి కెమెరా గొట్టం వేసి చూసే కొలనోస్కోపీ చేయిస్తే రిపోర్టులో ఆ పదం కనిపించింది. అప్పటినుంచి నువ్వులుండలు లేవు, పెరట్లో జామచెట్టు కాయలన్నీ పక్కింటివాళ్ళకే. నేను పొట్ట ఆపరేషన్లు చేసే డాక్టరుని అయినా నా మాటకంటే ఈ మెసేజీకే ఆవిడ దగ్గర విలువ ఎక్కువ. అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా రాస్తున్నాను.

ముందు ఒకేలా వినిపించే రెండు పేర్ల సంగతి చూద్దాం. పెద్దపేగు గోడలో కండరాల పొర ఉంటుంది. రక్తనాళాలు లోపలికి వెళ్ళే చోట్ల ఆ కండరంలో చిన్న చిన్న సందులుంటాయి. వయసు మీదపడి, ఏళ్ళ తరబడి లోపలి ఒత్తిడి పెరిగితే ఆ సందుల్లోంచి లోపలి పొర బయటికి ఉబ్బుతుంది. సైకిల్ టైరు చిరిగిన చోట ట్యూబు బుడగలా పొడుచుకొస్తుందే, అలాగ. ఇలాంటి సంచులు ఉండటమే డైవర్టిక్యులోసిస్. నొప్పి, జ్వరం ఏమీ ఉండవు. ఇంకేదో కారణానికి స్కాన్ తీస్తేనో, కెమెరా వేస్తేనో బయటపడుతుంది. దానికి మందు కూడా అక్కర్లేదు.

వాటిలో ఒకటి వాచి, చీము పట్టే దారిలో పడితే అది డైవర్టిక్యులైటిస్. టాన్సిలైటిస్, అపెండిసైటిస్ మనకి తెలిసినవే. టాన్సిల్స్ అందరికీ ఉంటాయి, టాన్సిలైటిస్ కొందరికే వస్తుంది. ఇక్కడా అంతే. సంచులున్నవాళ్ళలో ఈ వాపు వచ్చేది నూటికి ఐదుగురికి మించదు. మా పిన్నికి ఉన్నది మొదటిదే.

ఇక గింజల దగ్గరికి వద్దాం. ఈ భయాన్ని వాట్సాప్ పుట్టించలేదు, మా డాక్టర్లే పుట్టించారు. గింజ వెళ్ళి సంచి మూతికి అడ్డం పడుతుందని ఊహించి, దశాబ్దాల పాటు రోగులకి అదే చెప్పారు. ఎవరూ లెక్క తీసి చూడలేదు. చివరికి అమెరికాలో 47 వేలమందికి పైగా మగవాళ్ళు ఏం తింటున్నారో రాసుకుంటూ 18 ఏళ్ళు గమనించి, 2008లో ఫలితం చెప్పారు. బాదం, వేరుశనగలాంటి పప్పులు, పాప్‌కార్న్ వారానికి రెండుసార్లయినా తినేవాళ్ళలో డైవర్టిక్యులైటిస్ ఎక్కువ కాలేదు సరికదా, దాదాపు తిననివాళ్ళకంటే కాస్త తక్కువే కనిపించింది. చిన్న గింజలుండే పండ్లతోనూ ప్రమాదం పెరగలేదు. పాప్‌కార్న్ తింటే జబ్బు రాదని దీనర్థం కాదు. భయపడాల్సిన పని లేదని మాత్రం చెప్పవచ్చు.

అయితే "డాక్టరే గింజలు వద్దన్నాడు" అని పిన్ని గట్టిగా వాదించింది. ఆరా తీస్తే తెలిసింది, అది కొలనోస్కోపీకి ముందు ఇచ్చిన కాగితం! పరీక్షకి కొన్ని రోజుల ముందునుంచి జామ, టమాటా, నువ్వులు, ఆవాలు మానమంటాం. పేగు కడిగినా గింజలు మిగిలిపోయి కెమెరా గొట్టానికి అడ్డుపడతాయని. ఆ నాలుగైదు రోజుల జాగ్రత్తని ఆవిడ రెండేళ్ళు పాటించింది. అలాగే వాపు వచ్చి నొప్పిగా ఉన్న రోజుల్లో ద్రవాలు, మెత్తటి అన్నం ఇస్తాం. అది పేగుకి విశ్రాంతి కోసం, తగ్గాక మామూలు తిండే. పీచు ఉన్న కూరలు, పళ్ళు మానేస్తే మలబద్ధకం ఇంకా పెరుగుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సినదాన్ని ఈ మెసేజీ ఎక్కడా చెప్పలేదు. పిన్ని మోకాళ్ళ నొప్పికి మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ కొనుక్కుని రోజూ వేసుకుంటోంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలకీ, డైవర్టిక్యులైటిస్‌కీ, ఆ సంచుల్లోంచి రక్తం పడటానికీ సంబంధం ఉంది. నువ్వులు మానేసి మాత్ర మింగుతోందన్నమాట. మోకాలికి పారాసెటమాల్‌తో నడుస్తుందేమో చూడమన్నాను. గుండె కోసం డాక్టరు రాసిన ఆస్పిరిన్‌ని మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి. సిగరెట్టు, ఊబకాయం కూడా ప్రమాదాన్ని పెంచేవే.

ఆపరేషన్ విషయంలో మెసేజీ చెప్పిన రెండుసార్ల లెక్క పూర్తిగా కట్టుకథ కాదు, పాతబడిపోయింది. ఒకప్పుడు రెండోసారి వాపు వస్తే ఆ పేగు ముక్క తీసేయమని పుస్తకాల్లోనే ఉండేది. ప్రతిసారీ ప్రమాదం పెరుగుతూ పోతుందని నమ్మేవాళ్ళు. తీరా చూస్తే పేగు చిల్లుపడి వచ్చేవాళ్ళలో చాలామందికి అదే మొదటిసారి. అలాంటప్పుడు రెండోసారి దాకా లెక్కపెట్టి తీసేస్తే ఎవరిని కాపాడినట్టు? 2006లో అమెరికన్ పెద్దపేగు సర్జన్ల సంఘం, ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కొక్కటే చూసి ఆపరేషన్ చేయవద్దని చెప్పింది.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెబుతాను. వయసు 54. ఎడమవైపు పొత్తికడుపులో రెండు రోజులుగా నొప్పి, 101 జ్వరం. కిడ్నీలో రాయనుకుని వచ్చారు. సీటీ స్కాన్‌లో పెద్దపేగు చివరి వంపు దగ్గర గోడ మందంగా ఉంది, చుట్టూ కొవ్వు మసకబారింది, అంటే డైవర్టిక్యులైటిసే. చీముగడ్డ లేదు, పేగు చిల్లుపడి గాలి బయటికి రాలేదు. ద్రవాలు, పారాసెటమాల్, రెండు రోజులు కనిపెట్టి ఉండటం, అంతే. ఇంత తేలికపాటి వాపుకి అందరికీ యాంటీబయాటిక్ కూడా అవసరం లేదని యూరప్‌లో జరిగిన పెద్ద పరీక్షల్లో తేలింది. తగ్గిన ఏడు వారాలకి కొలనోస్కోపీ చేశాం, ఆ మందం వెనక క్యాన్సర్ లేదని చూసుకోవడానికి.

ఏడాదికి మళ్ళీ అదే నొప్పి. కొడుకు ఆపరేషన్ డేట్ అడిగాడు. నేను వద్దన్నాను. ఈసారీ అలాగే తగ్గింది. మరో ఏడాదిన్నరకి ఆయన వేరే బాధతో వచ్చారు. మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్, పోసేటప్పుడు బుడగలు. గాలి మూత్రంలోకి రావడమంటే పేగుకీ మూత్రాశయానికీ మధ్య దారి పడిందన్నమాట. అది మందులతో మానడం అరుదు. అప్పుడు ఆపరేషన్ చేశాం. ఆ పేగు ముక్క తీసి, రెండు కొసలూ కలిపి, మూత్రాశయం రంధ్రం మూశాం. తీరిగ్గా, పేగు శుభ్రం చేసుకుని చేసింది కాబట్టి పొట్టమీద మలం సంచి పెట్టాల్సిన పని రాలేదు.

పేగు సన్నబడి మలం కదలకపోయినా, నొప్పి పదేపదే వచ్చి ఉద్యోగం, నిద్ర చెడుతున్నా ఇలాగే ఆపరేషన్ గురించి కూర్చుని మాట్లాడతాం. కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి త్వరగా ఆలోచిస్తాం. చీముగడ్డ చిన్నదైతే యాంటీబయాటిక్స్‌తో, పెద్దదైతే స్కాన్‌లో చూస్తూ సన్నటి గొట్టంతో తీసేస్తాం.

ఆగకూడని సందర్భం ఒకటుంది. నొప్పి ఒక మూల నుంచి పొట్టంతా పాకి, ముట్టుకుంటే పలకలా గట్టిగా ఉండి, దగ్గినా కదిలినా భరించలేకపోతే పేగు చిల్లుపడి ఉండొచ్చు. అది మొదటిసారి నొప్పి అయినా సరే, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటి అత్యవసర ఆపరేషన్‌లో చాలామందికి కొన్ని నెలలపాటు మలం సంచి తప్పదు, కొందరికి అది అలాగే ఉండిపోతుంది.