నంబర్ ప్లేటుతో కారు పొడవు కొలిస్తే గేటు పడదు

"కారు పొడవుకు టేపు అక్కర్లేదు! నంబర్ ప్లేటు వెడల్పు చట్టప్రకారం 500 మిల్లీమీటర్లు. ఫొటోలో ప్లేటును కొలవండి, కారును కొలవండి, ఎన్ని రెట్లు ఉందో చూసి 500తో గుణించండి. ఫొటో ఏ పక్క నుంచి తీసినా ఫర్వాలేదు, రెండూ ఒకేలా చిన్నవవుతాయి. అంగుళం తేడా రాదు. 4 మీటర్లు దాటిన బండిని చిన్న కారని అమ్మితే ఫొటోతోనే పట్టేయొచ్చు. అందరికీ పంపండి."

నాకు ఈ వాట్సాప్ ఫార్వర్డును మా బామ్మర్ది పంపాడు. అప్పటికే అడ్వాన్సు కట్టేశాడు. మహబూబ్‌నగర్‌లో ఎవరో అమ్ముతున్న పాత డిజైర్, ప్లేటు మీద టీఎస్ 06. నల్లగొండలో వాళ్లింటి పోర్టికో గోడ నుంచి గేటు దాకా సరిగ్గా 13 అడుగులు. ఫొటో మీద లెక్క కడితే కారు 10 అడుగుల 10 అంగుళాలు వచ్చిందట. కారు వచ్చిన రోజు సాయంత్రం ఫోన్: "బావా, గేటు పడ్తలేదు."

నేను భూమి కొలతల పని చేస్తాను. ఒక తెలిసిన పొడవును పట్టుకుని తెలియని పొడవును రాబట్టడమే మా రోజువారీ పని, కాబట్టి ఆ ఆలోచనను నేను కొట్టిపారేయను. పట్టుకున్న పద్ధతి తప్పు.

చట్టం సంగతితో మొదలుపెడదాం, అక్కడ సగం నిజం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో (1989) 50వ నియమం కింద వచ్చే హై సెక్యూరిటీ ప్లేటుకు కార్ల విషయంలో రెండు కొలతలున్నాయి. ఒకే వరుసలో అంకెలుండే పొడుగు ప్లేటు 500 × 120 మిల్లీమీటర్లు, రెండు వరుసల ప్లేటు 340 × 200. ఏది పడుతుందనేది బండి మీద ప్లేటుకు వదిలిన జాగాను బట్టి ఉంటుంది. 1 ఏప్రిల్ 2019 నుంచి కొత్త బండ్లకు ఇవి తప్పనిసరి. అంతకుముందు బండ్లలో చాలావాటికి స్టిక్కర్ షాపులో కోయించిన ప్లేటే ఇంకా ఉంది, అది 480 ఉండొచ్చు, 520 ఉండొచ్చు. దాని చుట్టూ ప్లాస్టిక్ ఫ్రేము బిగించి ఉంటే చిన్న ఫొటోలో ఫ్రేము అంచు ఎక్కడ, ప్లేటు అంచు ఎక్కడ అన్నది తేలదు. 20 మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. 4 మీటర్ల కారు ప్లేటుకు ఎనిమిది రెట్లు, కాబట్టి ప్లేటులో 20 తప్పితే కారులో 160 తప్పుతుంది. అంటే అర అడుగు పైమాటే.

బామ్మర్ది కొన్న బండికి అసలైన 500 ప్లేటే ఉంది. అంటే అతన్ని ముంచింది ఇది కాదు, "ఏ పక్క నుంచైనా" అన్న మాట.

ఒక అగ్గిపెట్టె చేతిలోకి తీసుకోండి. పుల్లల అర బయటికి వచ్చే చిన్న ముఖం కారు వెనక భాగం అనుకోండి, ప్లేటు అక్కడ ఉంది. నిప్పు గీసే పొడుగు పక్క కారు పక్కభాగం. చిన్న ముఖాన్ని కంటికి ఎదురుగా పెడితే అది పూర్తిగా కనిపిస్తుంది, పొడుగు పక్క అసలు కనిపించదు. మెల్లగా తిప్పుతూ పోతే పొడుగు పక్క విచ్చుకుంటుంది, చిన్న ముఖం ముడుచుకుంటుంది. రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి గనక ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే. ఒకేలా చిన్నవయ్యేది ఒకే తలంలో ఉన్న వస్తువులు. ప్లేటు, దాని పక్కనున్న డిక్కీ తలుపు, వెనక బంపరు ఒక తలం. కారు పొడవు ఇంకో తలం.

అంకెల్లో చూస్తే దీని తీవ్రత అర్థమవుతుంది. బామ్మర్ది డిజైర్ పొడవు 3995 మిల్లీమీటర్లు. కెమెరా చాలా దూరంలో ఉందనుకుందాం. నేరుగా కారు వెనక నిలబడితే సున్నా డిగ్రీలు, నేరుగా పక్కన నిలబడితే 90. 30 డిగ్రీల దగ్గర నిలబడి తీసిన ఫొటోకు ఫార్వర్డు లెక్క వేస్తే కారు 2.3 మీటర్లు వస్తుంది, ఆటోకంటే చిన్నది. 60 డిగ్రీల దగ్గర తీస్తే 6.9 మీటర్లు, మినీ బస్సు. కారు అదే, ప్లేటు అదే, మనం నాలుగడుగులు పక్కకు జరిగామంతే. 45 దగ్గర మాత్రం రెండూ సమానంగా ముడుచుకుని జవాబు సరిగ్గా కుదురుతుంది. ఈ ఫార్వర్డు పుట్టించినవాడికి ఎప్పుడో ఒకసారి అలా కుదిరే ఉంటుందని నా అనుమానం. కారు అమ్మేవాళ్లు ఫొటో తీసేది కూడా ఎక్కువగా ఆ వంకరలోనే.

అయితే బామ్మర్ది దగ్గరున్న ఫొటో దాదాపు 45 డిగ్రీలదే. మరి అతనికి 3995 ఎందుకు రాలేదు?

కెమెరా దూరంగా లేదు కాబట్టి. ఫొటో చూస్తే అమ్మినాయన వెనక మూల నుంచి ఓ 6 మీటర్ల దూరంలో, అంటే ఇరవై అడుగుల్లో నిలబడి తీసినట్టుంది. వెనక బంపరు మూల 6 మీటర్లలో ఉంటే, ముందు బంపరు దాదాపు 9 మీటర్ల లోతులో ఉంటుంది. దూరమయ్యేకొద్దీ వస్తువు చిన్నగా పడుతుంది. రైలు పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనిపించేది ఇందుకే. ప్లేటు మాత్రం దగ్గర్లోనే ఉంది, దాని మీద ఈ ప్రభావం తక్కువ. కాబట్టి కొలబద్ద పెద్దగా, కొలిచే వస్తువు చిన్నగా పడ్డాయి. కారును ఒక పెట్టె అనుకుని లెక్క కట్టాను. 6 మీటర్ల నుంచి అదే 45 డిగ్రీలకు 3.30 మీటర్లు వస్తుంది. ఫొటోలో ప్లేటు 60 పిక్సెళ్లు, కారు పక్క 396. భాగిస్తే 6.6, ఐదొందలతో గుణిస్తే 3300. బామ్మర్ది చెప్పిన 10 అడుగుల 10 అంగుళాలు అదే. అంటే అతను కొలవడంలో తప్పు చేయలేదు, పాపం చెప్పినట్టే చేశాడు. అదే కారును 15 మీటర్ల నుంచి తీస్తే 3.64, 30 మీటర్ల నుంచి తీస్తే 3.80. వెనక్కి వెళ్లేకొద్దీ నిజానికి దగ్గరవుతుంది, కానీ 30 మీటర్లలో కూడా ఇంకా 20 సెంటీమీటర్లు తక్కువే.

దీనికి ఒక తెలివైన సవరణ చెప్పేవాళ్లున్నారు. ప్లేటు ఎత్తు కూడా తెలుసు కదా, 120. ఎదురుగా చూస్తే వెడల్పు ఎత్తుకు 4.17 రెట్లు. పక్క నుంచి వెడల్పు ముడుచుకుంటుంది, ఎత్తు ముడుచుకోదు. ఆ నిష్పత్తి ఎంత పడిపోయిందో చూస్తే కోణం తెలుస్తుంది, కోణం తెలిస్తే పొడవు దిద్దుకోవచ్చు. మాట నిజమే, కాగితం మీద. దూరం నుంచి తీసిన ఫొటోలో ప్లేటు 60 పిక్సెళ్ల వెడల్పు, 20 పిక్సెళ్ల ఎత్తు ఉందనుకోండి. కోణం 44 డిగ్రీలు వస్తుంది. ఎత్తును 20 బదులు 21 అని చదివితే 47కు దగ్గరవుతుంది. ఆ ఒక్క పిక్సెల్‌కు కారు పొడవు పదోవంతు మారిపోతుంది, అంటే 40 సెంటీమీటర్లు. పైగా ఈ సవరణ దూరపు ఫొటోకే చెల్లుతుంది. బామ్మర్ది ఫొటోలో ప్లేటు ఎత్తు 22 పిక్సెళ్లు. దానితో దిద్దితే 3.3 మీటర్లు పెరగాల్సింది పోయి 2.9 దగ్గరకు దిగింది. ప్లేటు చెప్పేది ప్లేటు దగ్గరి కోణం, ముందు బంపరు లోతు గురించి దానికేం తెలియదు.

అంగుళం మాట, చిన్న కారు మాట కలిపే చెప్పొచ్చు. పన్ను విషయంలో 4 మీటర్ల గీతకు విలువ ఉన్న మాట వాస్తవం. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు తగ్గించినప్పటి నుంచి కంపెనీలు దాని లోపల ఉండటానికి డిక్కీలు కత్తిరిస్తూనే ఉన్నాయి. 22 సెప్టెంబర్ 2025 నుంచి 4 మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40. డిజైర్ 3995 దగ్గర ఆగింది ఊరికే కాదు. ఆ 5 మిల్లీమీటర్లను ఫొటోలో పట్టాలంటే, 4000లో 5, అంటే వెయ్యికి ఒకటింపావు. ప్లేటును ఒక పిక్సెల్ తేడాతో కొలిచినా ఆ కచ్చితత్వం రావాలంటే ప్లేటొక్కటే 800 పిక్సెళ్లు ఉండాలి. నాలుగు గ్రూపులు తిరిగి వచ్చిన వాట్సాప్ ఫొటోలో అసలు కారంతా కలిపి 800 ఉంటే గొప్ప. పైగా బండి పొడవును లెక్కలోకి తీసుకునేది కంపెనీ ఆమోదం తీసుకునే దశలో, ఆ మోడల్ మొత్తానికి. షోరూములోనో సంతలోనో ఒక్కో బండికి కాదు.

ఇక ప్లేటు దేనికి పనికొస్తుందో కూడా చెప్పాలి. నేరుగా వెనక నుంచి, దూరంగా నిలబడి జూమ్ చేసి తీసిన ఫొటోలో కారు వెనక భాగం వెడల్పుకు ప్లేటు మంచి కొలబద్దే. రెండూ దాదాపు ఒకే తలం. మన సందులో కారు దూరుతుందా లేదా అన్నది అలా ఉజ్జాయింపుగా తేల్చుకోవచ్చు, బయటికి చాచిన అద్దాలను విడిగా కలుపుకోవాలి.

పొడవే కావాలంటే కొలబద్ద కూడా పక్కభాగంలోనే ఉండాలి. దానికి చక్రాలున్నాయి. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు ఉండే దూరం, వీల్ బేస్, ఆర్సీ మీదే ముద్రించి ఉంటుంది. 2017 తర్వాతి డిజైర్‌కు 2450. కారు మధ్యకు ఎదురుగా, కనీసం 30 మీటర్ల దూరం పోయి, చక్రాల ఎత్తుకు కూర్చుని, జూమ్ చేసి తీసిన ఫొటో కావాలి. రెండు చక్రాలూ గుండ్రంగా, ఒకే సైజులో పడితే ఫొటో పక్కాగా పడ్డట్టు. ఒకటి కోడిగుడ్డులా కనిపిస్తే పక్కన పెట్టేయండి. అలా తీసినా బంపరు కొసలు చక్రాలకంటే లోపలికి వంపు తిరిగి ఉంటాయి గనక కెమెరాకు కాస్త దూరం, రెండు మూడు శాతం దాకా తక్కువ రావొచ్చు. దాన్ని పోర్టికోకు వాడాలంటే అర అడుగు వదులు పెట్టుకోవాలి.

ఇంత తంటా ఎందుకు, మోడల్ పేరూ సంవత్సరమూ తెలిస్తే పొడవు కంపెనీ పుస్తకంలోనే ఉంటుంది కదా అని బామ్మర్దిని అడిగా. "అది అప్పుడు యాదికి రాలేదు బావా" అన్నాడు. కారు పోర్టికోకంటే పొడుగు ఉన్నది 33 మిల్లీమీటర్లే. గేటు బయటికి జరపడానికి లేదు, ముందు మోరీ. చివరికి వెల్డింగ్ అతన్ని పిలిచి, బంపరు తగిలే చోట గేటు రేకు కోసి, బయటికి జానెడు డబ్బాలా ఉబ్బించి పెట్టించాడు. ఇప్పుడు గేటు పడుతోంది.